ఫొటో దొరుకుతుంది, ఊరు దొరకదు

వానాకాలం వచ్చిందంటే వాట్సాప్‌లో వరద ఫొటోలు మొదలవుతాయి. నడుములోతు నీళ్లు, సగం మునిగిన ఆటో, వెనక ఒక రెండంతస్తుల డాబా. కింద మన జిల్లాలోనే ఏదో ఊరి పేరు, ‘ఈ పొద్దున తీసింది’ అని ఒక ముక్క. నిజమేనా అని అనుమానం వచ్చినవాళ్లు ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తారు. కొన్నిసార్లు గుట్టు వెంటనే బయటపడుతుంది, అదే ఫొటో ఎన్నడో ఇంకో రాష్ట్రం వార్తలో వచ్చి ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం నీళ్లలో మునిగిన ఆటోలు బోలెడు కనిపిస్తాయి గానీ, ఈ వీధి ఎక్కడిదో తేలదు. ఎందుకిలా అవుతుందో తెలియాలంటే యంత్రం మన ఫొటోలో ఏం చూస్తుందో ముందు తెలుసుకోవాలి.

రివర్స్ ఇమేజ్ సెర్చ్ మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది 2008లో, కెనడాలో పుట్టిన టిన్‌ఐ అనే సైటుతో. గూగుల్ 2011లో మొదలుపెట్టింది. ఏ కంపెనీ కూడా తన పద్ధతిని పూర్తిగా బయటపెట్టదు. కానీ ఒకే ఫొటోకి ఉన్న నకళ్లను పట్టుకునే సులువైన పద్ధతులు కొన్ని అందరికీ తెలిసినవే. వాటిలో డీహ్యాష్ అనేదాన్ని కాగితం మీద చేసి చూడొచ్చు. ముందు ఫొటోను నలుపు తెలుపులోకి మారుస్తారు. తర్వాత అడ్డంగా 9, నిలువుగా 8 గళ్లు మాత్రమే మిగిలేలా కుదిస్తారు. ఆటో, మనుషులు, కిటికీలు అన్నీ కరిగిపోయి ముదురు, లేత మచ్చలు మిగులుతాయి. అప్పుడు ప్రతి వరసలోనూ ఒక్కో గడిని దాని కుడిపక్క గడితో పోలుస్తారు. ఎడమది ఎక్కువ వెలుతురుగా ఉంటే 1, కాకపోతే 0. వరసకు 8 పోలికలు, 8 వరసలు, మొత్తం 64 అంకెలు. అదే ఆ ఫొటో వేలిముద్ర. రెండు ఫొటోల వేలిముద్రల్లో నాలుగైదు అంకెలే తేడా ఉంటే రెండూ ఒకటేనని లెక్క.

ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ ఆ పోలికలోనే ఉన్నాయి. ఫొటో మొత్తానికి వెలుతురు పెంచితే పక్కపక్క గళ్లు రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి జవాబులు మారవు. వాట్సాప్ కుదించి పంపినా పెద్దగా తేడా రాదు. అదే ఫొటోను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పేస్తే, ప్రతి పోలికకూ జవాబు తారుమారవుతుంది, అంకెల వరసా తిరగబడుతుంది. అంచులు గట్టిగా కత్తిరించినా గళ్లన్నీ జరిగిపోతాయి. పాత ఫొటోను కొత్తదని చలామణీ చేసేవాళ్లు ఇలా తిప్పడం, కత్తిరించడం చేస్తుంటారు. అందుకే పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఈ ఒక్క పద్ధతినే నమ్ముకోవు.

ఇంతవరకూ జరిగిందాంట్లో చోటు అనే మాటే రాలేదని గమనించండి. అదే వీధిలో పది అడుగులు పక్కకు జరిగి ఇంకో ఫొటో తీస్తే మచ్చలన్నీ వేరేగా పడతాయి, వేలిముద్ర కొత్తదైపోతుంది. మనకు అది అదే వీధి. ఈ లెక్క ప్రకారం రెండింటికీ సంబంధమే లేదు.

ఇప్పటి సెర్చ్ ఇంజిన్లలో దీన్ని మించిన పద్ధతి నడుస్తోంది. లక్షలాది ఫొటోలతో తర్ఫీదు ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ ఒక్కో ఫొటోను కొన్ని వందల సంఖ్యల వరసగా మారుస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నవాటి సంఖ్యలు దగ్గర దగ్గరగా వస్తాయి. మన ఫొటో సంఖ్యలకు దగ్గరగా ఉన్నవాటిని అది ఏరి చూపిస్తుంది. తిప్పినా, కత్తిరించినా, కొంచెం పక్కనుంచి తీసినా ఇది చాలావరకు తట్టుకుంటుంది. అయితే ఇక్కడ దగ్గరతనం అంటే పోలిక. మునిగిన ఆటోకి దగ్గరగా వచ్చేది ఇంకో మునిగిన ఆటో, అది గువాహటిలోదైనా సరే. ఫొటోలో ఆటో ఎంత పెద్దగా ఉంటే సెర్చ్ దృష్టి అంతగా దాని మీదే నిలుస్తుంది. చోటును పట్టించగల డాబా పిట్టగోడ, వెనక కొండ అంచు లెక్కలో అడుక్కి పోతాయి.

మరి చార్మినార్ ఫొటో వేస్తే క్షణంలో పేరు చెబుతుంది కదా అంటారు. చార్మినార్‌ను నాలుగు వైపుల నుంచీ, పగలూ రాత్రీ తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో పేరుతో సహా లెక్కలేనన్ని ఉన్నాయి. యంత్రం వాటితో పోల్చి పేరు చెబుతుంది. ఇలా గుర్తుపట్టడం నేర్పడానికి గూగుల్ పరిశోధకులు 2019లో విడుదల చేసిన ఫొటోల సంపుటిలో దాదాపు 50 లక్షల చిత్రాలు, 2 లక్షల చోట్లు ఉన్నాయి. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ మన దేశంలో ఊళ్లే 6 లక్షలకు పైగా ఉన్నాయి. మీ ఊరి చెరువుగట్టు ఫొటోలు మీ బంధువుల ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నైనా ఉండొచ్చు. సెర్చ్ ఇంజిన్ అక్కడికి పోలేదు. అందరికీ తెరిచి ఉన్న వెబ్ పేజీల్లో ఎవరో ఒకరు పెట్టి ఉంటేనే అది పోల్చగలదు.

ఇలాంటి చోటును మనుషులు ఎలా పట్టుకున్నారో చూపించే కేసు ఒకటి ఉంది. 2018 జులైలో ఆఫ్రికా నుంచి ఒక వీడియో బయటికొచ్చింది. సైనికులు ఇద్దరు ఆడవాళ్లనూ ఇద్దరు చిన్నపిల్లలనూ మట్టిదారి వెంట తీసుకెళ్లి కాల్చి చంపడం అందులో ఉంది. మాలీలో జరిగిందని కొందరు, కామెరూన్‌లో అని కొందరు అన్నారు. కామెరూన్ ప్రభుత్వం అది అబద్ధపు వార్తని కొట్టిపారేసింది. ఇలాంటి వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి సెర్చ్‌లో వేస్తే వచ్చేవి అదే వీడియో నకళ్లు. ఎండిన పొదలు, మట్టి దారి ఆ ప్రాంతంలో వేల మైళ్ల పొడవునా ఒకేలా ఉంటాయి.

బీబీసీ ఆఫ్రికా ఐ బృందం ఆ మనుషుల వెనక ఉన్న కొండల్ని చూసింది. వీడియో మొదట్లో కొన్ని సెకన్లపాటు ఒక కొండల వరస అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ దిగింది, రెండు శిఖరాల మధ్య ఎంత ఎడం అన్నది ఏ రెండు చోట్లా ఒకేలా ఉండదు. మొదట ఎంత వెతికినా కుదరలేదు. తర్వాత ఒక కామెరూన్ మనిషి, జెలెవెట్ అనే ఊరి వైపు చూడమని చెప్పాడు. గూగుల్ ఎర్త్‌లో అక్కడి నేల ఎత్తుపల్లాలను వీడియోలోని అంచుతో సరిపోల్చితే కలిసింది. అక్కడితో ఆగకుండా దారులను, ఇళ్లను, చెట్లను ఒక్కొక్కటిగా ఉపగ్రహ చిత్రాలతో సరిచూశారు. నైజీరియా సరిహద్దు దగ్గరున్న ఆ చోటు అలా ఖాయమైంది. ఏ కట్టడం ఎప్పటికి ఉంది, నీడలు ఎటు పడ్డాయి అన్నవాటిని బట్టి, 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య జరిగిందని కూడా తేల్చారు. 2020లో అక్కడి సైనిక కోర్టు నలుగురు సైనికులకు పదేళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది.

మన ఫోన్లో వెతికేటప్పుడూ ఈ దారే పట్టొచ్చు. లెన్స్‌లో చట్రాన్ని జరిపి, ఆటోనూ మనుషులనూ వదిలేసి, ఒక దుకాణం బోర్డు మీదో, గుడి గోపురం మీదో, నీళ్లట్యాంకు మీదో పెట్టి విడివిడిగా వెతకాలి. ఫలితం రాకపోతే ఫొటోను కుడిఎడమలు తిప్పి మళ్లీ వేయాలి. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటే అది ముందే తిప్పిన ఫొటో. టిన్‌ఐలో ఫలితాలను పాతవాటి నుంచి పేర్చుకోవచ్చు. అక్కడ కనిపించే తేదీ ఆ సైటు ఫొటోను మొదట చూసిన రోజుది, ఫొటో తీసింది అంతకు ముందే. చోటు పేరుతో ఒక ఫలితం దొరికినా, ఆ పేరు రాసింది ఎవరో ఒక మనిషే, వాళ్లూ ఎక్కడో చూసి రాసి ఉండొచ్చు. కాబట్టి ఆ చోటుదని ఖాయంగా తెలిసిన ఇంకో ఫొటో తెచ్చి పక్కన పెట్టుకోవాలి. అంతస్తుకి ఎన్ని కిటికీలు, మెట్లు ఏ పక్క, స్తంభం గోడకి ఎంత దూరం అని ఒక్కొక్కటే చూడాలి. రంగు మారితే కొత్తగా సున్నం వేశారనుకోవచ్చు, చెట్టు లేకపోతే కొట్టేశారనుకోవచ్చు. మెట్లు మాత్రం ఎడమ నుంచి కుడికి ఊరికే పోవు.