వార్తల్లో పదం: ఉద్యోగ ధ్రువీకరణ లేఖ

పాతబస్తీ యాకుత్‌పురా నుంచి రియాద్ వెళ్లిన అకౌంటెంట్ ఒకరు జర్మనీ చూసి రావాలనుకున్నారనుకుందాం. వీసా దరఖాస్తుకు కంపెనీ హెచ్‌ఆర్ ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ లేఖ కావాలి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, హోదా, చేరిన తేదీ, నెలజీతం, మంజూరైన సెలవు తేదీలు ఉండాలి. సౌదీలో దానిపై ఛాంబర్ ఆఫ్ కామర్స్ ముద్ర కూడా వేయిస్తారు.

చిక్కంతా హోదా దగ్గరే. చేసేది లెక్కల పని, ఇఖామాలో మాత్రం 'కార్మికుడు' అని ఉంటుంది. లేఖలో 'అకౌంటెంట్' అని రాస్తే రెండు కాగితాలకూ పొంతన కుదరదు, వీసా అధికారికి అనుమానం వస్తుంది.

అందుకే లేఖ అడిగే ముందే ఇఖామా చూసుకోవాలి. తేడా ఉంటే, ముందు కివా పోర్టల్‌లో వృత్తి మార్పుకు కంపెనీ దరఖాస్తు చేయాలి, ఉద్యోగి ఆమోదించాలి.

జీతం అంకె కూడా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోవాలి.