‘ప్రైస్ ప్లీజ్’ అన్నవాళ్లు ఎటు పోతున్నారు?

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే పేజీ ఏదైనా తెరిచి, ఒక రీల్ కింద కామెంట్లు చదవండి. ‘ప్రైస్ ప్లీజ్’, ‘ఎంతండీ?’, ‘కాస్ట్?’ అని వరసగా ఉంటాయి. అంత టైప్ చేసే ఓపిక లేనివాళ్లు PP అని రెండక్షరాలు కొట్టి వదిలేస్తారు. ప్రతిదాని కిందా పేజీవాళ్ల జవాబు ఒక్కటే: ‘డీఎం చేశాం, చెక్ ఇన్‌బాక్స్ సిస్.’ అడిగినవాళ్లు చాలామంది, కొన్నవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు ఎక్కడ జారిపోయారో చూడాలంటే ఒక చీరను పట్టుకుని వెళ్లడం మేలు.

మంగళగిరి నూలు చీర, నెమలికంఠం రంగు, నిజాం అంచు. ఇంటి నుంచి అమ్మే ఒకావిడ దీనికి 1,850 రూపాయలు పెట్టారనుకుందాం. ఆ ధర ఆవిడ రీల్‌లో రాయలేదు, కామెంట్లోనూ చెప్పలేదు. కారణాలు లేకపోలేదు. పక్క పేజీవాళ్లు చూసి యాభై తగ్గించి పెడతారన్న భయం ఒకటి. ఇన్‌బాక్స్‌లోకి లాగితే మాట కలుస్తుందన్న ఆశ ఇంకొకటి. కానీ అడిగినామె ఈ పేజీని ఫాలో కాకపోతే, ఆవిడ పంపిన మెసేజ్ మామూలు ఇన్‌బాక్స్‌లో కాకుండా Requests అనే వేరే అరలో పడే అవకాశం ఎక్కువ. ఆ అర ఒకటుందని చాలామందికి తెలియనే తెలియదు. తెలిసి వెతుక్కునేలోపు వేరే చీరలు నాలుగు కళ్లముందు తిరిగిపోతాయి. పైగా, ధర చెవిలో చెప్పేవాళ్లంటే మన జనానికి ఒక అనుమానం: మనిషిని బట్టి రేటు చెబుతున్నారేమో అని.

అందుకే ధర స్థిరంగా ఉన్న సరుకుకు కామెంట్లోనే చెప్పేయడం మంచిదని నా అభిప్రాయం. పక్క పేజీవాళ్లు ఎలాగూ వేరే ఖాతాతో అడిగి తెలుసుకుంటారు. ధర రాసిన కామెంట్‌ను పైన పిన్ చేసుకోవచ్చు. కానీ అది చాలదు. అడిగిన ప్రతి ఒక్కరికీ వాళ్ల కామెంట్ కిందే విడిగా జవాబివ్వాలి, ఎందుకంటే నోటిఫికేషన్ వెళ్లేది ఆ జవాబుకే. మగ్గం వర్క్ బ్లౌజుల్లాంటి వాటి సంగతి వేరు. అక్కడ కొలత, డిజైన్ తెలియకుండా ధర చెప్పలేం. అప్పుడు కూడా ‘ఇలాంటి పనికి మూడు వేల నుంచి మొదలవుతుందండీ’ అని ఒక మెట్టు చూపిస్తే, అంత పెట్టలేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇద్దరి సమయమూ మిగులుతుంది.

ఇక ఇన్‌బాక్స్. ‘ఎంత?’ అంటే ‘1850’ అని అంకె ఒక్కటే పంపేవాళ్లున్నారు. అలా పంపితే అవతలివాళ్లకు మిగిలేది ‘ఓకే’ అనడమే. ఆ ‘ఓకే’తో సంభాషణ చచ్చిపోతుంది. అదే జవాబు ఇలా ఉంటే చూడండి: ‘1,850 అండీ, కొరియర్ కూడా అందులోనే. బ్లౌజ్ ముక్క చీరలోనే వస్తుంది. ఈ రంగులో రెండే ఉన్నాయి. ఏ ఊరికి పంపాలో చెబితే ఎప్పటికి అందుతుందో చెబుతాను.’ చేతికి అందేసరికి మొత్తం ఎంతవుతుందో ఇందులో ఉంది. చివర ఒక చిన్న ప్రశ్న ఉంది. ఊరు పేరు చెప్పడానికి కొనాలని తేల్చుకోనక్కర్లేదు, కానీ చెప్పినామె కొనేవాళ్ల వైపు ఒక అడుగు వేసినట్టే. ‘కావాలా మేడమ్?’ అని అడిగితే మాత్రం ‘చూసి చెబుతాను’ అనే వస్తుంది. రెండే ఉన్నాయన్నది నిజమైతేనే రాయాలి. వారం తర్వాత అదే చీర మళ్లీ రీల్‌లో కనిపిస్తే, ఆ పేజీ మాట ఇంకెవరూ నమ్మరు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా: ‘అండీ’ ఎవరికైనా నప్పుతుంది, ‘డియర్’ అంటే మాత్రం చాలామంది మొహం చిట్లిస్తారు.

జవాబుతో పాటు పగటి వెలుతురులో ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి పంపడం మరిచిపోకూడదు. లైట్ల కింద తీసిన రీల్‌లో నెమలికంఠం ఒక్కోసారి ఉత్త నీలంలా కనిపిస్తుంది. తర్వాత వచ్చే తగాదాల్లో సగం రంగు దగ్గరే.

ఊరు చెప్పాక వచ్చే మాట మనకు తెలిసిందే: ‘లాస్ట్ ఎంతకిస్తారు?’ ఇక్కడ మొహమాటం పనికిరాదు, లెక్క కావాలి. ఆవిడ నేతగాడి దగ్గర ఈ చీరను 1,380కి కొన్నారు. అరకిలో లోపు పార్సిల్‌కు కొరియర్ 90, కవరు, అట్ట కలిపి 20. మిగిలేది 360. అడిగారు కదా అని 200 తగ్గిస్తే మిగిలేది 160. పాడైన చీర ఒక్కటి వెనక్కి వస్తే అదీ పోతుంది. అలాగని ‘ఫిక్స్‌డ్ రేట్’ అని తలుపేస్తే మనసు నొచ్చుకుంటుంది. మధ్యలో ఒక దారి ఉంది. రెండు చీరలు ఒకే పార్సిల్‌లో వెళితే కొరియర్ 180 కాకుండా, కిలో లెక్కన 130 చాలనుకుందాం. ప్యాకింగులో ఇంకో పది మిగులుతుంది. ఆ అరవైకి తన లాభంలోంచి తొంభై కలిపి, ‘ఒక్కదానికి తగ్గించలేనండీ, రెండు తీసుకుంటే 150 తగ్గిస్తాను’ అనొచ్చు. అప్పుడు చీరకు 315 మిగులుతుంది. బేరమాడినామెకూ గెలిచిన తృప్తి దక్కుతుంది.

ఒప్పుకున్నాక కూడా ఆర్డరు జారిపోయే చోటు ఇంకొకటుంది: డబ్బు కట్టే క్షణం. క్యూఆర్ స్కాన్ చేస్తే పేజీ పేరు రాదు, ఎవరిదో మగమనిషి పేరు వస్తుంది. కొనే ఆమె వేలు అక్కడే ఆగిపోతుంది. ‘స్కాన్ చేస్తే మా వారి పేరు వస్తుందండీ, ఖాతా ఆయనదే’ అని ముందే రాస్తే సరిపోతుంది. అదే మెసేజ్‌లో చీర ఫొటో, మొత్తం, చిరునామాతో పాటు ఫోన్ నంబరూ పిన్‌కోడూ అడగడం, ‘సాయంత్రం 6 వరకు పక్కన పెడతాను’ అన్న గడువు, అన్నీ ఉండాలి. గడువు దాటితే తర్వాత అడిగినవాళ్లకు ఇచ్చేయాలి. లేకపోతే పక్కన పెట్టిన చీరలు గుట్టపడతాయి, అమ్మకం సాగదు. డబ్బు పడిందని తేల్చుకోవడానికి స్క్రీన్‌షాట్‌ను నమ్మకూడదు. దాన్ని మార్చడం పిల్లలకు కూడా తెలిసిన విద్య. బ్యాంకు యాప్ తెరిచి చూసుకున్నాకే పార్సిల్ కట్టాలి.

వాట్సాప్ బిజినెస్ వాడేవాళ్లకు ఇదంతా రోజూ టైప్ చేసే పని లేదు. క్విక్ రిప్లైగా దాచుకుంటే / కొట్టగానే వస్తుంది. ఊరు, రంగు, పేరు మాత్రం చేత్తో మార్చాలి. విజయవాడామెకు ‘హైదరాబాద్‌కు రెండు రోజుల్లో’ అని పోయిందంటే ఇంక చెప్పేదేముంది! అందులోనే Pending payment, Paid లాంటి లేబుళ్లు ఉంటాయి. ఎవరి దగ్గర మాట ఎక్కడ ఆగిందో రాత్రి ఒకసారి చూసుకోవడానికి ఇవి చాలు.

మాట ఆగినవాళ్లకు మర్నాడు ఒక్కసారి మళ్లీ రాయొచ్చు. ‘ఏం ఆలోచించారు?’ అని గుచ్చడం కంటే కొత్త సంగతి ఒకటి చెప్పడం నయం: ‘నిన్న మీరు చూసిన చీర కట్టుకుంటే ఎలా ఉంటుందో ఈ వీడియోలో ఉందండీ.’ దానికీ పలకకపోతే వదిలేయాలి. మూడోసారి రాస్తే బ్లాక్ చేస్తారు.

ధర అడిగేవాళ్లలో కొననివాళ్లూ ఉంటారు, వాళ్లంతా వృథా కాదు. ఒక్క చీర గురించి మొదలుపెట్టి ‘మల్టిపుల్స్ ఉన్నాయా?’ అని, ఆ వెంటనే పేజీ పేరు లేని ఫొటోలు, ధర చీటీ లేని పార్సిల్ అడిగారంటే వాళ్లు రీసెల్లర్లు. వాళ్లతో 1,850 దగ్గర కుస్తీ పట్టడం దండగ. పది చీరలకు పైబడితే ఇంత అని రేటు ముందే రాసి పెట్టుకుని, ఆ జాబితా పంపి, వాళ్ల నంబరుకు వేరే లేబుల్ పెట్టుకోవాలి.