వైదొలగింపు లేఖ

ఉమ్మడి పరిశోధన నుంచి తప్పుకునే శాస్త్రవేత్త సహచరులకు రాసిచ్చే పత్రమిది. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ‘నేచర్’లో భారతీయుల జన్యుచరిత్ర ప్రచురించారు. అందులో చెంచుల నమూనాలూ ఉన్నాయి. ఫలితాలను ఏ పేర్లతో చెప్పాలన్న చర్చ ఎంతో ఉద్రిక్తంగా సాగిందని ఆ అమెరికా శాస్త్రవేత్తల్లో ఒకరైన డేవిడ్ రైక్ తర్వాత రాశారు. చివరికి రాజీ కుదిరింది. అలా కుదరనప్పుడే ఈ లేఖ అవసరమవుతుంది.

లింగాల మండలంలోని చెంచుపెంటల్లో రక్తనమూనాలు సేకరించిన పరిశోధకుడు తప్పుకుంటున్నాడనుకుందాం. నమూనాలు ఆయన సొత్తు కావు. చెంచులు సమ్మతించింది ఆ అధ్యయనానికే. కాబట్టి ఏ ఫైళ్లు ఎవరికి, ఏ తేదీన అప్పగించాడో, తన దగ్గరి ప్రతులు తుడిచేశాడో లేదో లేఖలో రాయాలి.

రచయితగా పేరు సంగతి వేరు. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నిబంధనల ప్రకారం తుది ప్రతిని ఆమోదించని వ్యక్తి రచయిత కాడు. చేసిన పనికి కృతజ్ఞతల్లో పేరు వేయొచ్చు, అదీ ఆయన ఒప్పుకుంటేనే. ఈ ఇష్టాయిష్టాలు లేఖలోనే తేల్చకపోతే తగవు అచ్చు వేళ మొదలవుతుంది.

నమూనాలిచ్చినవారి పేర్లకూ కోడ్ నంబర్లకూ లంకె చెప్పే జాబితాను రహస్యంగా ఉంచే బాధ్యత మాత్రం తప్పుకున్నా తీరదు.