ముప్పైరెండు ఎక్సా, త్రీ పవర్ టూ ఎక్సా?

లెక్కల మాస్టారి ఫోనుకు ఓ ఇంటర్ విద్యార్థి నుంచి ఇలాంటి సందేశం వచ్చిందనుకోండి:

```
32x-10.3x+9=0
```

కింద ఒక మాట: "సార్, జవాబు 0, 2 అని పుస్తకం వెనక ఉంది. నాకు రావట్లేదు."

ఉన్నది ఉన్నట్టు చదివితే ఇది హైస్కూలు పిల్లలు చేసేసే లెక్క. 32xలోంచి 10.3x తీసేస్తే 21.7x మిగులుతుంది. దానికి 9 కలిపితే సున్నా రావాలి కాబట్టి, x విలువ సుమారు −0.415. చేసిన పద్ధతిలో తప్పేమీ లేదు. కానీ పుస్తకం రెండు జవాబులు చెబుతోంది. ఇలాంటి సాదా సమీకరణానికి రెండు జవాబులు ఉండవు. పోనీ x స్థానంలో 0 పెట్టి చూద్దామంటే ఎడమవైపు 9 మిగులుతోంది. అంటే కుర్రాడికి లెక్క చేయడం రాక కాదు, అసలు లెక్కే పుస్తకం నుంచి ఫోనులోకి వచ్చేలోగా ఎక్కడో పోయింది.

ఎక్కడ పోయిందో చెప్పడం కష్టం కాదు. అచ్చులో ఘాతాంకం అంటే కాస్త పైన, చిన్న సైజులో వేసిన అక్షరం. సంవర్గమానం, అంటే లాగరిథమ్, ఆధారం అయితే కాస్త కింద, చిన్నగా ఉంటుంది. అది ఘాతాంకమో ఆధారమో చెప్పేది దాని చోటే. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి మామూలు సందేశంలో అతికిస్తే అక్షరాలు వరుసగా వస్తాయి గాని, పైనా కిందా అన్న తేడా రాదు. చేత్తో టైపు చేసినా అంతే, ఫోను కీబోర్డు మీద పైకెక్కించి రాయడం అందరికీ తెలియదు. పైగా మన పాఠ్యపుస్తకాల్లో గుణకారానికి చుక్క పెట్టే అలవాటు ఒకటి. అది కాస్తా దశాంశ బిందువుగా మారిపోతుంది.

ఇప్పుడు మాస్టారు ఏం అడగాలి? "సరిగ్గా టైపు చెయ్యి" అంటే ఆ కుర్రాడు అదే వరుసను మళ్లీ పంపుతాడు. అతని కంటికి అది సరిగ్గానే ఉంది మరి. "అది 3 పవర్ 2x కదూ?" అని అడగడం కూడా అంత మంచిది కాదు. సార్ అన్నారు కదా అని పుస్తకం చూడకుండానే అవునంటాడు. ఒక్కొక్క పదాన్నీ విడిగా, కంటికి కనిపించేదేదో చెప్పించేలా అడగాలి.

"పుస్తకం ముందు పెట్టుకో. మొదటి పదం ఒక్కటే చూడు. 3, 2, x మూడూ ఒకే వరుసలో ఉన్నాయా?"

"లేదు సార్, 3 పెద్దగా ఉంది. 2x పైన చిన్నగా ఉంది."

"రెండో పదంలో 10కీ 3కీ మధ్య చుక్క కింద ఉందా, నడుమ ఉందా? x ఎక్కడుంది?"

"చుక్క నడుమ ఉంది సార్. x 3 మీద పైన ఉంది."

ఇక లెక్క దొరికినట్టే:

```
3^(2x) - 10*3^x + 9 = 0
```

3^x ని y అనుకుంటే 3^(2x) అంటే y యొక్క వర్గం. సమీకరణం y² − 10y + 9 = 0 అవుతుంది. కారణాంకాలు (y − 1), (y − 9). y = 1 అయితే 3^x = 1, కాబట్టి x = 0. y = 9 అయితే x = 2. సరిచూద్దాం: x = 2 పెడితే 81 − 90 + 9, సున్నా. పుస్తకం వెనక ఉన్న జవాబులు ఇవే.

అనుభవం ఉన్న మాస్టారు ఇదంతా అడక్కుండానే ఊహించగలరు. 3, 9 కనిపిస్తే, జవాబు 0, 2 అంటే లెక్క రూపం కళ్ల ముందు మెదులుతుంది. అలాంటప్పుడు ఇన్ని ప్రశ్నలెందుకు? ఊహ ప్రతిసారీ నిలబడదు కాబట్టి. పుస్తకంలో జవాబు ఇవ్వని ఈ లెక్క చూడండి:

```
log x + log x-3 = 1
```

ఆధారం 10 అనే అనుకుందాం. చివరి పదం log(x − 3) అయితే, రెండు లాగ్‌లనూ కలిపి x(x − 3) = 10 అని రాస్తాం. x² − 3x − 10 = 0 నుంచి 5, −2 వస్తాయి. రుణ సంఖ్యకు లాగ్ తీయలేం కాబట్టి −2 చెల్లదు, జవాబు 5. అలా కాక 3ను లాగ్ బయట తీసివేస్తున్నారనుకుంటే 2 log x = 4, అంటే log x = 2, జవాబు 100. రెండూ నిక్కచ్చి సంఖ్యలే, రెండూ తమ తమ సమీకరణంలో చక్కగా ఒప్పుతాయి. చాలామంది జవాబు శుభ్రంగా వస్తే లెక్కను సరిగ్గానే చదివామని నమ్ముతారు. ఇక్కడ ఆ నమ్మకం పనికిరాదు. ఏది అసలు లెక్కో పుస్తకం ఎదురుగా ఉన్నవాడే చెప్పాలి.

లాగ్ పక్కనే అంకె వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. log2x + log4x = 6 అని రాస్తే 2, 4 ఆధారాలా, xతో గుణించినవా? ఆధారాలైతే, 4 అంటే 2 యొక్క వర్గం కాబట్టి, ఆధారం 4తో తీసిన లాగ్ ఆధారం 2తో తీసిన దానిలో సగం. అప్పుడు ఒకటిన్నర రెట్ల log_2(x) విలువ 6, కాబట్టి log_2(x) = 4, x = 16. గుణించినవైతే, ఆధారం 10 అనుకుంటే 8x² విలువ పది లక్షలు, x సుమారు 353.6. "లాగ్ పక్కన 2 కిందకి దిగి చిన్నగా ఉందా, x అంత సైజులోనే ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో ఈ రెండూ విడిపోతాయి.

టైపు చేసేవాళ్లు నేర్చుకోవలసింది కొంచెమే. ఘాతాంకానికి ముందు ^, ఆధారానికి ముందు _, గుణకారానికి *. వీటన్నిటికన్నా ముఖ్యం బ్రాకెట్లు. 2^x+1 అని రాస్తే కంప్యూటరు ముందు 2^x కట్టి తర్వాత 1 కలుపుతుంది. ఒకటి కూడా పైనే ఉండాలంటే 2^(x+1) అనక తప్పదు. దాని విలువ 8 అయితే x = 2. బ్రాకెట్ మరిచిపోతే x సుమారు 2.807. లాగ్ విషయంలోనూ లోపలికి వెళ్లే దాన్నంతా బ్రాకెట్‌లో పెట్టి log_2(x), log_10(x-3) అని రాస్తే చదివేవారికి అనుమానం ఉండదు. ఫొటో తీసి పంపొచ్చు కదా అంటే నిజమే, స్పష్టంగా ఉంటే అంతకన్నా సులువు లేదు. కానీ కాలిక్యులేటర్ యాప్‌లోకి ఎక్కించాలంటే మళ్లీ టైపు చేయక తప్పదు.

ఇక ఆధారం అసలు రాయకుండా వదిలేసిన సందర్భం. బడిలో లాగ్ టేబుల్స్ చూసి పెరిగినవాళ్లకు ఉత్త log అంటే ఆధారం 10. 17వ శతాబ్దపు తొలినాళ్లలో హెన్రీ బ్రిగ్స్ ఆధారం 10తో పట్టికలు కట్టినప్పటి నుంచీ చేతి లెక్కలకు అదే వాడుక. సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద log అన్న మీట కూడా సాధారణంగా పదే. ఉన్నత గణిత పుస్తకాల్లోనూ, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లోనూ అదే log సహజ సంవర్గమానం, ఆధారం e, సుమారు 2.718. పైథాన్‌లో ఇలా అడిగి చూడండి:

```
import math
math.log(100)
math.log10(100)
```

math.log(100) సుమారు 4.605 ఇస్తుంది, math.log10(100) అయితే 2. కాబట్టి లెక్క పంపేటప్పుడు ఆధారం పదే అయినా, అదీ రాసి పంపండి.