తొమ్మిది పేజీల చిత్తు రెండు పేజీలైన విధం

మన హాస్టల్‌లో చదువుకునే గది కోసం జిల్లా అధికారికి ఇవ్వాల్సిన ప్రణాళికను తమ్ముళ్ళు నలుగురు తలా కొంత రాశారు. తొమ్మిది పేజీలు వచ్చింది. దాన్ని కుదించే పని పీజీ చదువుతున్న మా మీద పడింది.

ముందుగా ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు. పేరాలకు వరుస సంఖ్యలు వేసి, ప్రతి పేరా ఏం చెబుతోందో పక్కన మార్జిన్‌లో నాలుగైదు మాటల్లో రాసుకున్నాం. మొత్తం 34 పేరాలు. వాటిలో ఏడింటి పక్కన "వెలుతురు చాలదు" అనే వచ్చింది! అసలు మనం ఏమడుగుతున్నామో, ఎంత డబ్బు కావాలో ఎనిమిదో పేజీలో గానీ లేదు. బల్ల మీద పదుల కొద్దీ ఫైళ్ళున్న అధికారి అంతదూరం చదువుతారా? అందుకని కోరికనూ మొత్తాన్నీ మొదటి పేరాకు తెచ్చి, తర్వాత కారణం, ఖర్చు, గది బాధ్యత ఎవరిది అన్న వరుసలో పేర్చాం.

ఒకే మాట ఏడుసార్లు ఉందని ఆరు పేరాలు కొట్టేస్తే నష్టం జరుగుతుంది. హాలు మొత్తానికి రెండే ట్యూబ్‌లైట్లున్నాయన్న సంగతి ఐదో దాంట్లో మాత్రమే ఉంది. కాబట్టి ఏడింటిలోని విడి విషయాలను ఏరి, ఒకే పేరాగా రాసి, అప్పుడు పాతవి తీసేశాం.

ఎక్కువ సమయం పట్టింది అంకెలతోనే. పిల్లల సంఖ్య ఒకచోట "సుమారు 120", ఒకచోట 118, ఇంకోచోట "నూరు పైచిలుకు". హాజరు పట్టీలో ఉన్నది 118, అదే అంతటా ఉంచాం. మొదట్లో ఖర్చు 35,000 రూపాయలన్నారు, పట్టిక కూడితే 38,400 వచ్చింది. తేడా 3,400. ఒక్కో బెంచీ 1,700 కాబట్టి తేడా సరిగ్గా రెండు బెంచీలు. వెతికితే, వివరణలో 10 బెంచీలు, పట్టికలో 12 ఉన్నాయి. మొత్తాల తేడా ఏదో ఒక వస్తువు ధరతో సరిగ్గా భాగింపబడితే ముందు ఆ వస్తువు లెక్కనే చూడాలి.

మరి ఏది సరైనది? పదో తరగతి వాళ్ళు 26, తొమ్మిది వాళ్ళు 14, కలిపి 40 మంది. బెంచీకి నలుగురు. పది చాలు. బెంచీలకు 17,000, బీరువాకు 9,500, పుస్తకాలకు 6,400, ఆరు ట్యూబ్‌లైట్లకు 2,100, మొత్తం 35,000. 118 మంది ఉండగా 40 సీట్లే ఎందుకని ఎవరైనా అడుగుతారు గనుక, ముందు పై రెండు తరగతులకేనన్న వాక్యం కొత్తగా చేర్చాం. కుదించేటప్పుడు చేర్చాల్సినవీ ఉంటాయి మరి.

ఆఖరున ఒకరు అంకెలున్న వాక్యాలు మాత్రమే పైకి చదువుతుంటే, ఇంకొకరు పట్టికలో వేలు పెట్టి సరిచూశారు. ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ మొత్తాలూ మారతాయి కదా, అందుకే ఈ పని మార్పులన్నీ అయ్యాకే చేశాం.