ఫ్లాట్ ఆలస్యమైతే బిల్డర్‌కు ఏమని రాయాలి?

ఫ్లాట్ చేతికి రాక ఏడాది దాటితే కొన్నవాళ్లంతా కలిసి బిల్డర్‌కు ఉత్తరం రాస్తారు. ఒక పక్క ఈఎంఐ, ఇంకో పక్క ఇంటి అద్దె కడుతున్నామని కష్టమంతా చెప్పుకుని, చివర ‘తగిన న్యాయం చేయగలరు’ అని ముగిస్తారు. ఎప్పటి నుంచి, ఎంత రావాలో మాత్రం రాయరు. దానికి ‘త్వరలోనే ఇస్తాం’ అన్న ఒక్క ముక్క జవాబు సరిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ తీసుకుని లెక్క వేద్దాం. విస్తీర్ణం 1,500 చదరపు అడుగులు. అగ్రిమెంట్ ప్రకారం 2023 జూన్ 30కి ఇవ్వాలి, ఆపైన ఆరు నెలలు గ్రేస్ పీరియడ్. అంటే గడువు 2023 డిసెంబరు 31తో తీరింది. అప్పటికే 54 లక్షలు కట్టేశారు. ఉత్తరం 2025 జూన్ 30న రాస్తున్నారు. ఆలస్యం పద్దెనిమిది నెలలు. గ్రేస్ పీరియడ్‌ను మనమే తీసేసి లెక్క చూపితే, అది పట్టుకుని కాదనే అవకాశం బిల్డర్‌కు ఉండదు.

ఇక పరిహారం. ఆలస్యానికి నెలకు చదరపు అడుగుకు అయిదు రూపాయలు ఇస్తామని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. ఆ లెక్కన వచ్చేది నెలకు 7,500. కానీ రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ కావాలనుకునే వారికి అప్పగించేదాకా నెలనెలా వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ వడ్డీ స్టేట్ బ్యాంక్ గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కు రెండు శాతం కలిపినంత. అది 11 శాతం అనుకుంటే నెలకు 49,500, పద్దెనిమిది నెలలకు 8 లక్షల 91 వేలు. ఏకపక్ష షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఉత్తరంలో అగ్రిమెంట్ లెక్క కాదు, ఈ లెక్కే వేయాలి.

ఫ్లాట్ వద్దనుకుంటే అదే సెక్షన్ కింద కట్టిన డబ్బంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. రెండిట్లో ఏది కావాలో ఉత్తరంలో తేల్చి చెప్పాలి. అందరూ ఒకే ఉత్తరం మీద సంతకం చేసినా, ఫ్లాట్ నంబరు, కట్టిన మొత్తం, కోరేది ఎవరివి వారికి విడిగా పట్టికలో ఉండాలి. పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే రెరాకు వెళతామని రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి.

ఉత్తరం అందాక తాళాలు తీసుకెళ్లమని కబురు రావచ్చు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపకుండా, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి.