బ్యూటీ స్టూడియోకు బ్యాంకు రుణం: ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం ఎలా?

బ్యూటీ స్టూడియో పెట్టడానికి బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్ట్ రిపోర్ట్ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొత్తం ఎంత ఖర్చవుతుంది? అందులో సొంత డబ్బు ఎంత? నెలనెలా కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి రెండింటికీ కొటేషన్లు, బ్యాంకు పాస్‌బుక్కు చాలు. దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది మూడో ప్రశ్న దగ్గరే.

తెనాలి లాంటి పట్టణంలో రెండు కుర్చీల స్టూడియోను ఉదాహరణగా తీసుకుందాం. లోపలి పనులు, నీటి పైపులు, కరెంటు వైరింగుకు 1,80,000 రూపాయలు. కుర్చీలు, ఫేషియల్ బెడ్, షాంపూ యూనిట్, స్టీమర్, ఏసీ, ఇన్వర్టర్‌కు 2,70,000. నెలకు 15,000 అద్దె చొప్పున ఆరు నెలల అడ్వాన్సు 90,000. క్రీములు, రంగులు, మొదటి రోజుల ఖర్చులకు 60,000. మొత్తం 6 లక్షలు. ఇందులో 1,20,000 సొంత డబ్బు, అంటే మార్జిన్ మనీ. మిగిలిన 4,80,000 రుణం. ముద్ర పథకంలో 50 వేలు దాటి 5 లక్షల వరకు ఇచ్చే ‘కిశోర్’ రుణం దీనికి సరిపోతుంది, ఆస్తి తాకట్టు అక్కర్లేదు. షాపు అడ్వాన్సును సొంత డబ్బులోంచి చూపడం మంచిది. సామగ్రికి జీఎస్టీ నంబరున్న దుకాణం కొటేషన్ జత చేయాలి. బ్యాంకులు సాధారణంగా ఆ డబ్బును నేరుగా ఆ దుకాణానికే పంపుతాయి.

ఇక ఆదాయం. ‘రోజుకు 8 మంది, మనిషికి 350 రూపాయలు’ అని ఒక్క ముక్కలో రాస్తే మేనేజరు నమ్మడు. ఆ సగటు ఎలా వచ్చిందో చూపాలి. నెలకు 26 పని దినాలు, 208 మంది అనుకుందాం. ఐబ్రోస్‌కు 110 మంది, 50 రూపాయల చొప్పున 5,500. హెయిర్‌కట్‌కు 50 మంది, 350 చొప్పున 17,500. ఫేషియల్‌కు 35 మంది, 900 చొప్పున 31,500. హెయిర్ స్పాకు 13 మంది, 1,400 చొప్పున 18,200. మొత్తం 72,700. వచ్చినవాళ్లలో సగానికి పైగా ఐబ్రోస్ కోసమే వచ్చారు, వాళ్ల నుంచి వచ్చింది మాత్రం 5,500. షాపు కిటకిటలాడినంత మాత్రాన కిస్తీ వెళ్లదని ఈ పట్టికే చెబుతుంది. పెళ్లికూతురి మేకప్ ఆదాయం ప్రతి నెలా రాదు కాబట్టి దాన్ని విడిగా రాయాలి.

ఖర్చులో క్రీములు, రంగులు వగైరా ఆదాయంలో 15 శాతం, అంటే దాదాపు 10,900. అద్దె 15,000, బ్యూటీషియన్ జీతం 14,000, సహాయకురాలి జీతం 8,000, కరెంటు 5,000, చిల్లర ఖర్చులు 3,000 కలిపి 45,000. ఇవన్నీ పోగా మిగిలేది సుమారు 16,800. 11 శాతం వడ్డీ మీద ఐదేళ్లకు కిస్తీ దాదాపు 10,450. మిగులు కిస్తీకి 1.6 రెట్లుంది. బ్యాంకులు డీఎస్‌సీఆర్ అని చూసేది స్థూలంగా ఈ నిష్పత్తినే. అది 1.5 దాకా ఉంటే సాధారణంగా సరేనంటాయి.

బ్యాంకు లెక్క కుదిరినా యజమానురాలి లెక్క కుదరలేదు. నెలంతా కష్టపడితే ఆమెకు మిగిలేది 6,400 లోపే. ఒక్కొక్కరి నుంచి సామగ్రి ఖర్చు పోగా మిగిలేది దాదాపు 297 రూపాయలు. జీతాలు, అద్దె, కిస్తీ గడవాలంటే నెలకు 187 మంది, అంటే రోజుకు ఏడుగురికి పైగా రావాలి. ముహూర్తాలు లేని ఆషాఢంలో రోజుకు ఆరుగురే వస్తే కిస్తీకి 9,000 తగ్గుతుంది.

కాబట్టి రిపోర్టు ఇచ్చే ముందే ప్రణాళిక మార్చాలి. మొదటి ఏడాది సహాయకురాలు లేకుండా యజమానురాలే రెండో కుర్చీ దగ్గర పనిచేస్తే 160 మందితోనే గట్టెక్కవచ్చు. ఆషాఢంలో తగ్గేది వెయ్యి రూపాయలే. 208 మంది వచ్చే నెలలో ఆమెకు 14,000 పైన మిగులుతుంది. షాపు నిలదొక్కుకునే దాకా కిస్తీ మొదలవకుండా మూడు నుంచి ఆరు నెలల మారటోరియం అడగవచ్చు. ఆ కాలానికీ వడ్డీ పడుతుంది కాబట్టి దాన్నీ లెక్కలో చూపాలి.

రిపోర్టు వెంట బ్యూటీషియన్ కోర్సు సర్టిఫికెట్, అద్దె ఒప్పందం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంచాలి. పాత అప్పుల కిస్తీలు తప్పి ఉంటే సిబిల్ నివేదికలో కనిపిస్తాయి, వాటిని ముందే సరిచేసుకోవాలి. దరఖాస్తు చేసే ముందు ఆదాయాన్ని నాలుగో వంతు తగ్గించి మరోసారి లెక్క వేసి చూడాలి. అప్పటికీ కిస్తీ ఎలా కడతారో రిపోర్టులో రాయలేకపోతే రుణం మొత్తమైనా తగ్గించాలి, ఖర్చయినా తగ్గించాలి.